పేరు లేని తొలి లోడు

రేణు గురించి చెప్పాలంటే ముందు నా గొప్పతనం కాస్త తగ్గించుకోవాలి. అది నాకు అలవాటు లేని పని. హోసూరులో బాగలూరు రోడ్డు మీద ఆరుగురం కూర్చునే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో నేను సీనియర్‌ని. జావా అంటే గోపీనాథ్, గోపీనాథ్ అంటే జావా అని నలుగురూ అనుకోవాలని నా ఆశ. నాతో కలిపి ఐదుగురం అనుకునేవాళ్లం. రేణు మాత్రం అనుకున్నట్టు కనిపించేది కాదు.

ఆమెది వేప్పనపల్లి దాటాక ఆంధ్రా సరిహద్దులో ఉన్న ఊరు. ఇంట్లో గొర్రెలు. కృష్ణగిరిలో డిప్లొమా చదివి 2003లో మా దగ్గర చేరింది. మాట తక్కువ. ప్రోగ్రాం చదివేటప్పుడు స్క్రీన్ మీద వేలు పెట్టి ఒక్కొక్క వరుసే చదివేది. అద్దమంతా వేలిముద్రలే. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. తుడిచే బట్ట ఒకటి కొనిచ్చి, వెటకారంగా ఆమె బల్ల మీద పెట్టాను. ఆమె దాన్ని మడిచి సొరుగులో పెట్టుకుని, మళ్లీ వేలితోనే చదివింది.

2004లో కృష్ణగిరి దగ్గరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి ఒక ప్రోగ్రాం చేశాం. లోడు తూకానికి రాగానే దాని బరువు, రైతు పేరు, ఊరు, చివరిసారి మందు కొట్టిన తేదీ ఎక్కించాలి. కాయ పచ్చిగానే వస్తుంది, షెడ్డులో మాగుతుంది. మాగిన లోడ్లను కలిపి ఒక బ్యాచ్ కట్టి గుజ్జు తీసి డ్రమ్ములకు నింపుతారు. విదేశంలో కొన్నవాళ్లు ఏదైనా అడిగితే, ఫలానా బ్యాచ్‌లో ఏ తోటల కాయ ఉందో ఒక్క కాగితం మీద రావాలి. లోడు ఎక్కించే భాగం రేణు రాసింది. ఆ కాగితం అచ్చు వేసే భాగం నేను రాశాను.

2006 జూలైలో ఫ్యాక్టరీ యజమాని రామకృష్ణప్ప ఫోన్ చేశాడు. నాలుగో బ్యాచ్ గుజ్జులో పురుగుమందు ఉండాల్సినదానికన్నా ఎక్కువగా తేలిందట. ఏ తోటల కాయో పది రోజుల్లో రాసి పంపమని కొన్నవాళ్లు అడిగారు. అప్పటికే ఎనిమిది రోజులు అయిపోయాయి. మిగతా బ్యాచ్‌లన్నీ చక్కగా అచ్చవుతున్నాయి, నాలుగో దానికి మాత్రం తెల్లకాగితం వస్తోంది.

"వాడే చెరిపినాడు," అన్నాడు రామకృష్ణప్ప. "ఎవురిదో మందు కొట్టిన కాయ తీసుకొని, ఇప్పుడు దొరికిపోతానని చెరిపినాడు. మీరు వచ్చి అది రుజువు చేసిపోండప్పా."

వాడు అంటే కేశవప్ప. ఇరవై రెండేళ్లుగా అక్కడ తూకం దగ్గర గుమస్తా. చీటీ పుస్తకాలు ఆపేసి కంప్యూటర్ తెచ్చినప్పుడు, యాభై ఏళ్ల వయసులో ఒక్కొక్క మీటా వెతుక్కుంటూ నేర్చుకున్న మనిషి. ఆయనకు నేర్పింది రేణే.

మరునాడు పొద్దున్నే ఇద్దరం బస్సెక్కాం. ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా ఉన్న టీ కొట్టు బెంచీ మీద కేశవప్ప కూర్చుని ఉన్నాడు, ఒళ్లో టిఫిన్ క్యారియర్ పెట్టుకుని. లోపలికి రావద్దన్నారు, అయినా రోజూ మత్తూరు నుంచి అదే బస్సుకు వచ్చి, సాయంత్రం దాకా అక్కడే కూర్చుని పోతున్నాడట.

"ఏమప్పా, ఈడ కూర్చున్నావు?" అంది రేణు.

"ఇంట్లో ఎట్లా ఉండేదమ్మా? పొద్దున లేస్తే కాళ్లు ఈడికే వస్తాయి," అన్నాడు. మా మొహంలోకి చూడలేదు. "చూడు తల్లీ. నా చెయ్యి యాడన్నా తగిలిందేమో చూడు."

ఆ మాట నాకు నచ్చలేదు. తప్పు చేయనివాడు అలా అంటాడా అనుకున్నాను. అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

తూకం గదిలో కూర్చున్నాక రేణు ముందు పట్టిక తెరిచి చూసింది. నాలుగో బ్యాచ్‌లో పదకొండు లోడ్లున్నాయి, పదకొండూ అక్కడే ఉన్నాయి. మరి కాగితం ఎందుకు తెల్లగా వస్తోంది? ఆమె నా ఫైలు తెరిచింది. వేలు కిందికి జరుగుతూ ఒకచోట ఆగింది. అచ్చు వేసేటప్పుడు ఏ లోపం ఎదురైనా పట్టుకునే క్యాచ్ అనే భాగం ఒకటుంటుంది. పట్టుకున్నాక ఏం చేయాలో అందులో రాయాలి. నేను ఏమీ రాయలేదు, బ్రాకెట్ల మధ్య ఖాళీగా వదిలాను. ప్రింటరు మొరాయిస్తే యజమాని ముందు ఎర్ర అక్షరాలు కనబడి పరువు పోతుందని అప్పట్లో నా తెలివి. అందువల్ల ప్రోగ్రాం విరిగిపడుతున్నా కిక్కురుమనకుండా తెల్లకాగితం ఇస్తోంది.

రేణు నా వైపు తిరగలేదు. తిరిగి ఏదన్నా అని ఉంటే బాగుండేది. ఆ ఖాళీలో, పట్టుకున్న లోపాన్ని పూర్తిగా బయటపెట్టమని ఒక వరుస రాసి మళ్లీ నడిపింది.

అప్పుడు వచ్చింది అసలు సంగతి. నల్ పాయింటర్ ఎక్సెప్షన్. దాని కింద మెట్లు మెట్లుగా వరుసలు. అన్నిటికన్నా పైన అచ్చు ఫైలులో రెండువందల పన్నెండో వరుస, దాని కింద ఆ వరుసను పిలిచిన ఎనభై ఎనిమిదో వరుస, దాని కింద బటన్ నొక్కిన చోటు. జావాలో ఇది రోజూ ఎదురయ్యేదే. ఒక పేరు ఉంటుంది, దాని వెనక వస్తువు ఉండదు. ఆ ఖాళీనే నల్ అంటారు. లేని వస్తువును పట్టుకుని ఏదన్నా అడిగితే ప్రోగ్రాం అక్కడికక్కడే పడిపోతుంది.

రెండువందల పన్నెండో వరుసలో ఉన్నది ఇంతే: లోడు నుంచి రైతును తీసుకో, రైతు నుంచి ఊరు తీసుకో. అడిగేవి రెండు. లేనిది లోడా, రైతా? అప్పటి జావా అది చెప్పేది కాదు, వరుస నంబరు చెప్పి ఊరుకునేది. రేణు ఆ ఒక్క వరుసను రెండు వరుసలు చేసి మళ్లీ నడిపింది. ఈసారి కింది వరుసలో పడింది. లోడు ఉంది. రైతు లేడు. పదకొండింటిలో ఒక్క లోడుకు రైతు పేరుతో పాటు పడే కోడు నంబరు గడి ఖాళీగా ఉంది.

"చూసినావా?" అన్నాడు వెనక నిలబడ్డ రామకృష్ణప్ప. "పేరు చెరిపినాడు."

నాకు మధ్యాహ్నం బస్సు పట్టుకోవాలని ఉంది. "దీనికింత సేపెందుకు? రైతు నల్ అయితే ఆ లోడు దాటిపొమ్మని అక్కడే ఒక ఇఫ్ షరతు పెట్టు. ఐదు నిమిషాల పని," అన్నాను.

"వద్దన్నా. ఈడ పడింది, ఈడ తప్పిపోలేదు," అంది రేణు.

ఏమిటని అడిగితే చెప్పింది. సాయంత్రం పట్టిలోకి, అంటే గొర్రెల దొడ్డిలోకి, తోలేటప్పుడు ఒకటి తగ్గితే, వాళ్ల అమ్మ గంగక్క పట్టి చుట్టూ వెతకనిచ్చేది కాదట. తగ్గిందని తెలిసేది పట్టి దగ్గర, తప్పిపోయింది ఇంకెక్కడో, వచ్చిన దారినే వెనక్కి పోవాల అని పంపించేదట. ప్రోగ్రామింగ్ తరగతిలో ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉన్నా వినేవాణ్ణి కాదేమో.

కానీ నా సలహా రామకృష్ణప్ప చెవిన పడింది. "గోపీనాథప్ప చెప్పినట్టే చెయ్యమ్మా. కాగితం వస్తే చాలు." ఆయన మాట తీసేయలేక రేణు ఇఫ్ పెట్టింది. కాగితం వచ్చింది, ముత్యాల్లాంటి పది పేర్లతో. ఆమె అడుగున బరువు చూపించింది. గుజ్జుకు పోయిన కాయకు, ఈ పది లోడ్ల కాయకు మూడువేల నూట నలభై కిలోలు తేడా.

"ఈ కాయ యాడిదని వాళ్లు అడగరా?" అంది.

"అడిగితే దానికి కేశవప్పే జవాబు," అంటూ ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. కేశవప్ప వంకర అక్షరాలతో రాసి సంతకం పెట్టాడు. నా వల్ల ఒక లోడు వివరం చెరిగిపోయి ఉండవచ్చు, తప్పు నాదే అని. "రెండు రోజుల కింద వాడే రాసిచ్చినాడు. నేను కొట్టలేదు, తిట్టలేదు."

రేణు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత తాను పెట్టిన ఇఫ్ తీసేసింది. "మధ్యాహ్నం దాకా టైమియ్యండప్పా. ఆ పేరు చెరిపిందా, మొదట్నించే లేదా అని చూస్తాను. రెండూ ఒకటి కాదు," అంది.

ఇక అక్కడి నుంచి వెనక్కి నడిచింది. రైతు లేకుండా అచ్చు భాగానికి ఇచ్చిందెవరు? లోడ్లను పట్టిక నుంచి చదివే భాగం. దానికి రైతును ఇచ్చిందెవరు? కోడు చూసి రైతును వెతికిపెట్టే భాగం. కోడు ఖాళీగా ఉంటే అది నల్ తిరిగి ఇస్తుంది. అది తీసుకున్న భాగం రైతు ఉన్నాడో లేదో చూడకుండా ముందుకు పంపేసింది, అచ్చు వేసే నేనూ చూడలేదు. అయితే కోడు ఖాళీ ఎందుకయింది? ప్రతి లోడుకూ ఎక్కించిన సమయం, చివరిసారి మార్చిన సమయం పట్టికలో పడేటట్టు ఆమె మొదట్లోనే రాసి పెట్టింది. ఆ లోడుకు రెండు సమయాలూ ఒకటే, సెకనుతో సహా. మే ఇరవై ఎనిమిది, ఉదయం ఏడూ పన్నెండు.

"ఎవురూ చెరపలేదు. పుట్టినప్పుడే పేరు లేదు," అంది.

మరి పేరు లేకుండా లోడు ఎలా ఎక్కింది? పేరు లేకపోతే సేవ్ చేయనివ్వకూడదన్నది ఈ ప్రోగ్రాంకు మేం పెట్టిన మొదటి షరతు. ఇది నేనే రాశాను కదా అన్నట్టు రేణు ధైర్యంగా తన ఫైలు తెరిచింది. వేలు స్క్రీన్ మీద జరుగుతూ వచ్చి ఆగింది. వంగి చూశాను. లోడు సీజనులో మొదటిది కాకపోతే రైతు పేరు ఉందో లేదో చూడు అని ఉంది. అంటే మొదటిదైతే చూడొద్దు. పక్కన గుర్తుగా రాసిన తేదీ 2005 మే. కింద ఆమె పేరులోని మొదటి అక్షరం.

ఆ ఫ్యాక్టరీలో ఒక ఆచారం ఉంది. సీజను మొదలుపెట్టేటప్పుడు తొలి తూకం స్వామికి. రామకృష్ణప్ప సొంత తోట నుంచి రెండు గంపల కాయ తెచ్చి, కాటాకు పసుపు కుంకుమ పెట్టి తూస్తారు. స్వామి లోడు అంటారు. దాని మీద మనిషి పేరు వేయకూడదు. ఆ రెండు గంపలూ మాగాక పనివాళ్లకు పంచేస్తారు, గుజ్జులోకి పోవు. 2004లో ప్రోగ్రాం తూకానికి వచ్చేసరికి సీజను సగం గడిచింది. మరుసటి ఏడు తొలి తూకం నాడు స్క్రీన్ పేరు లేనిదే కదలనంటే, హారతి పళ్లెం పట్టుకుని అందరూ నిలబడి ఉండగా ఫోన్ వచ్చింది. పూజ ఆగిపోయిందని కంగారుపడి, రేణు ఆ ఒక్క లోడుకు దారి తెరిచింది. రెండు గంపలే కదా, బ్యాచ్‌లోకి పోవు కదా అనుకుంది. ఆ ఏడు పోలేదు కూడా.

ఈ ఏడు కాయ ఆలస్యమైంది. తొలి రోజు వేరే లోడ్లేవీ రాలేదు. షెడ్డు ఖాళీగా కనిపించకూడదని రామకృష్ణప్ప వేప్పనపల్లి తోట నుంచి స్వామి పేరు మీద ట్రాక్టరు నిండా తెప్పించాడు. మూడువేల నూట నలభై కిలోలు. పంచడానికి అది రెండు గంపలా? ఆ కాయ ఆలస్యంగా మాగి నాలుగో బ్యాచ్‌లోకి పోయింది. ఏడాదిగా ఊరికే తెరిచి ఉన్న దారిలో మొదటిసారి నిజమైన బరువు నడిచింది.

రేణు ఇదంతా యజమాని ముందు చెప్పింది, తన వరుస మీద వేలు పెట్టి చూపిస్తూ. "ఇది నేను రాసినది. కేశవప్పకి దీంట్లో ఏమీ లేదు."

రామకృష్ణప్ప కుర్చీలో కూర్చుండిపోయాడు. తన తోటలో ఎప్పుడు మందు కొట్టించాడో ఆయనకు తెలియనిదేమీ కాదు. గొంతు తగ్గించి అన్నాడు. "పది పేర్లు చాలు కదమ్మా. పదకొండోది స్వామిది. స్వామిని కాగితం మీదికి ఎట్లా తెస్తావు?"

"స్వామి మందు కొట్టలేదు కదప్పా," అంది రేణు.

కాంట్రాక్టు పోయింది, జీతం పెరగడం కూడా పోయింది అనుకున్నాను. ఆమె కాగితం అచ్చు వేసింది. పదకొండు వరుసలు. చివరి వరుసలో పేరు ఎక్కించలేదు అని, పక్కన బరువు. దానికి జతగా తెల్లకాగితం మీద తన చేత్తో ఉత్తరం రాసింది. మొదటి లోడుకు పేరు చూడనక్కరలేదని ప్రోగ్రాంలో రాసింది నేను, ఎవరూ ఏదీ చెరపలేదు అని. నా ఖాళీ క్యాచ్ గురించి ఆమె రాయలేదు. పక్కన కూర్చున్న నేనూ రాయమనలేదు. ఆ క్యాచ్‌లో నేను మొదట్లోనే ఒక్క వరుస రాసి ఉంటే, చెరిపాడు అనే మాటే పుట్టేది కాదు. తెల్లకాగితం వల్లే కదా ఆయనకు అనుమానం వచ్చింది.

"ఇట్లే పంపితే ఆ పదిమంది రైతుల్నీ అనుమానిస్తారు. వాళ్లు కూడా మన ఊళ్లవాళ్లే," అంది ఆమె.

రామకృష్ణప్ప ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఒకసారి మడిచాడు, మళ్లీ విప్పాడు. చివరికి జేబులోంచి పెన్ను తీసి ఖాళీ మీద తన పేరు, వేప్పనపల్లి అని రాశాడు. తర్వాత కేశవప్ప సంతకం పెట్టిన కాగితం రేణు ముందుకు తోసి, మమ్మల్ని చూడకుండా బయటికి వెళ్లిపోయాడు.

మేం గేటు దాటేసరికి మధ్యాహ్నం మూడైంది. కేశవప్ప బెంచీ మీదే ఉన్నాడు. క్యారియర్ మూత తీసినట్టు లేదు. రేణు రోడ్డు దాటి వెళ్లి ఆయన పక్కన కూర్చుంది, ఆ కాగితం ఆయన చేతిలో పెట్టింది.

"నువ్వు చెరపలేదప్పా. ఎవురూ చెరపలేదు. తప్పు నాది."

ఆయన నమ్మలేదు. "ఆ పొద్దు నా చెయ్యి ఏదో మీట మీద పడినట్టు జ్ఞాపకముండాది రేణమ్మా. అయ్య అడిగినప్పుడు అదే అనుకొంటిని. అందుకే రాసిస్తిని."

"లేదప్పా. పేరు అడగతా ఉండె స్క్రీన్. అడగొద్దని చెప్పింది నేను. జ్ఞాపకముందా, పోయిన ఏడు పూజ నాడు ఫోన్ వచ్చింది?"

కేశవప్ప తలెత్తి చూశాడు. "ఆ ఫోన్ చేసింది నేనే కదమ్మా. అయ్య చెయ్యమంటే చేస్తిని. పేరు లేకుండా పోతే ముందుకు ఇబ్బంది కాదా అని అడిగితిని కూడా. ఏమీ కాదులే అంటివి." నిష్ఠూరంగా కాదు, జ్ఞాపకం వచ్చిన మాట జ్ఞాపకం వచ్చినట్టు చెప్పాడు. తర్వాత ఆ కాగితాన్ని చూస్తూ అడిగాడు. "అయితే నేను చెరపలేదు కదా?"

"లేదప్పా."

"రూఢిగా?"

రేణు ఏడ్చేసింది. ఆఫీసులో మూడేళ్లుగా నేనెన్ని మాటలన్నా ఏడవని పిల్ల, టీ కొట్టు బెంచీ మీద అందరూ చూస్తుండగా ఏడ్చింది. ఆయనే ఓదార్చాల్సి వచ్చింది.

ఆ ఏడాది ఎగుమతి ఆగిపోయింది. మా కాంట్రాక్టు మాత్రం పోలేదు, ఎందుకో ఇప్పటికీ నాకు తెలియదు. కేశవప్పను మళ్లీ పనిలోకి రమ్మన్నారు. వచ్చాడు, కానీ కంప్యూటర్ ముందు కూర్చోనన్నాడు. మళ్లీ ఏ మీట మీద చెయ్యి పడుతుందోనని భయమట. లోడ్లు దించే చోట పని అడిగి తీసుకున్నాడు. ఇరవై రెండేళ్ల తూకం మనిషి ఎండలో నిలబడి ట్రాక్టర్లు వెనక్కి తీయించేవాడు.

మరుసటి సీజను తొలి రోజున రేణుతో పాటు నేనూ వెళ్లాను. ఈసారి ఏ లోడుకూ ఏ మినహాయింపూ లేదు, స్వామి లోడైనా సరే. నా క్యాచ్ కూడా ఖాళీగా లేదు, నేనే నింపాను. హారతి ఇచ్చారు. రెండు గంపలు కాటా మీద పెట్టారు. స్క్రీన్ పేరు అడిగింది. కొత్త గుమస్తా తల తిప్పి చూస్తే, రామకృష్ణప్ప గొంతు సవరించుకుని తన పేరే చెప్పాడు.

దించే చోటు నుంచి కేశవప్ప కేక వేశాడు. "పేరు పడిందా?"

"పడిందప్పా," అంది రేణు.

మొదటి లోడు కదా అడిగాడులే అనుకున్నాను. రెండో ట్రాక్టరు వచ్చింది, మళ్లీ అడిగాడు. మూడోది వచ్చింది, అడిగాడు. జవాబు వినేదాకా డ్రైవరును బండి కదపనిచ్చేవాడు కాదు. ఆ రోజు ముప్పై నాలుగు లోడ్లు వచ్చాయి. రేణు మధ్యాహ్నం అన్నానికి కూడా లేవకుండా గుమస్తా పక్కనే నిలబడి, ముప్పై నాలుగుసార్లూ తానే జవాబు చెప్పింది.